వేరుశనగ మళ్ళలో కనిపించిన తేడా ఎంత నిజం?

పొలం ప్రయోగంపై వెలువడిన పరిశోధన పత్రంలో దిగుబడి పట్టిక కన్నా ముందు చదవవలసింది ప్రయోగ విధానం. పెరిగిన దిగుబడి వేసిన మందు వల్ల వచ్చిందా, నేల వల్లనా, ఆ ఏటి వాన వల్లనా అన్నది తేలేది అక్కడే. అనంతపురం ఎర్ర నేలల్లో వర్షాధార వేరుశనగకు జిప్సం వేసి చూసిన ప్రయోగం ఒకటి ఉందనుకుని, దాని పత్రాన్ని చదివి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం కల్పించినవి. లెక్క వేసే తీరు మాత్రం అసలు పత్రాల్లోనిదే.

ఈ ప్రయోగంలో ఆరు పద్ధతులున్నాయి. ఒకటి జిప్సం అసలు వేయనిది. మిగిలిన అయిదింటిలో మోతాదు, వేసే సమయం మారతాయి. ఒక్కో పద్ధతికి నాలుగేసి మళ్ళు, మొత్తం 24. పొలం ఒక పక్కకు వాలి ఉంది. వాలు నేలలో పైభాగాన మన్ను కొట్టుకుపోయి పలచబడుతుంది, దిగువన ఒండ్రు చేరి తేమ ఎక్కువసేపు నిలుస్తుంది. జిప్సం వేసిన మళ్ళన్నీ దిగువన పడితే గెలిచేది జిప్సం కాదు, ఒండ్రు.

అందుకే పొలాన్ని వాలుకు అడ్డంగా నాలుగు పట్టీలుగా విడదీస్తారు. వీటిని బ్లాకులంటారు. ఒక బ్లాకులోని ఆరు మళ్ళూ దాదాపు ఒకే ఎత్తున, ఒకే రకం నేలలో ఉంటాయి. ప్రతి బ్లాకులో ఆరు పద్ధతులూ ఒక్కోసారి వస్తాయి. ఏ మడికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసి నిర్ణయిస్తారు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ 1920లలో స్థిరపరచిన ఈ పద్ధతే ఇప్పటికీ వాడుకలో ఉంది. పత్రంలో మళ్ళ పటం ఇచ్చి ఉంటే వాలు ఎటు ఉందో, బ్లాకులు ఎటు సాగాయో సరిపోల్చాలి. బ్లాకులు వాలు వెంట కిందికి సాగితే ఒకే బ్లాకులో పలచని నేలా ఒండ్రు నేలా రెండూ పడతాయి. అప్పుడు బ్లాకు ఉండీ లేనట్టే. నాలుగు బ్లాకుల్లోనూ పద్ధతులు ఒకే వరుసలో కనిపిస్తే చీటీ తీయలేదని అర్థం.

మడి కొలతలూ చూడాలి. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న మడిలో 30 సెంటీమీటర్ల ఎడంతో పది సాళ్ళు పడతాయి. అంచు సాళ్ళకు వెలుతురు ఎక్కువ అందుతుంది, పక్క మడిలో చల్లిన జిప్సం కొంత వాన నీటితో ఇటు చేరుతుంది. కాబట్టి రెండు అంచు సాళ్ళనూ, సాళ్ళ కొసల్లోని రెండేసి మొక్కలనూ వదిలి మధ్య భాగాన్నే కోత లెక్కకు తీసుకుంటారు. మొక్కల మధ్య ఎడం 10 సెంటీమీటర్లయితే మిగిలేది సుమారు 11 చదరపు మీటర్లు. దీన్ని హెక్టారుకు మార్చాలంటే దాదాపు 900తో హెచ్చించాలి. అంటే తూకంలో 100 గ్రాములు తప్పితే పట్టికలో హెక్టారుకు 90 కిలోల తేడా కనిపిస్తుంది. అంచులు వదిలారో లేదో చెప్పని పత్రంలోని దిగుబడిని అనుమానించడం న్యాయమే.

ఇక రెప్లికేషన్, అంటే ఒకే పద్ధతిని వేరువేరు మళ్ళలో మళ్ళీ మళ్ళీ చేయడం. దీనిలో జరిగే పెద్ద పొరపాటు ఒకే పెద్ద మడిలో నాలుగు చోట్ల నమూనాలు తీసి నాలుగు రెప్లికేషన్లుగా చూపడం. ఆ నాలుగు నమూనాలూ ఒకే నేల అదృష్టాన్ని పంచుకున్నవి. ఒక మడిలో పది మొక్కలు కొలిచినా ఆ మడి ఒక్కటే.

రెప్లికేషన్ ఎందుకు కావాలో లెక్క చెబుతుంది. సగటు దిగుబడి హెక్టారుకు 1,500 కిలోలు, సీవీ 15 శాతం అనుకుందాం. ఒకే పద్ధతి చేసిన మళ్ళు కూడా, బ్లాకుల తేడా తీసేశాక, ఒకదానికొకటి సుమారు 225 కిలోల మేర అటూఇటూ ఊగుతున్నాయని ఈ సీవీ చెబుతోంది. నాలుగు రెప్లికేషన్లతో సీడీ సుమారు 340 కిలోలు వస్తుంది. రెండు పద్ధతుల సగటుల మధ్య అంతకన్నా తక్కువ తేడా ఉంటే అది జిప్సం వల్లనో నేల ఊగిసలాట వల్లనో ఈ ప్రయోగం తేల్చలేదు. మూడే రెప్లికేషన్లయితే సీడీ 410 దాకా పెరుగుతుంది, ఎనిమిదైతే 230కి దిగుతుంది.

ఇక్కడే చాలామంది తప్పు చదువుతారు. ఒక పద్ధతి 200 కిలోలు ఎక్కువ ఇచ్చిందనీ, తేడా గణనీయం కాదనీ పత్రం రాస్తే జిప్సం పనిచేయలేదని అనుకుంటారు. 200 కిలోలంటే ఎకరాకు 80 కిలోల కాయ. రైతుకు అది చిన్న విషయం కాదు. ఆ ప్రయోగానికి అంత చిన్న తేడాను పట్టుకునే శక్తి లేదు, అంతే. సీడీ, సీవీ రెండూ ఇవ్వని పత్రంలో ఏ మాటనూ నమ్మడానికి ఆధారం ఉండదు.

విశ్లేషణ పట్టికలో 'దోషం' అనే వరుసకు ఎదురుగా ఉండే స్వతంత్రతా పరిమాణం చిన్న అంకే అయినా చాలా చెబుతుంది. ఆరు పద్ధతులు, నాలుగు బ్లాకులైతే అక్కడ 15 ఉండాలి. 14 ఉంటే ఒక మడి దెబ్బతిని లెక్కలోంచి పోయింది. అడవి పంది తవ్విందా, నీరు నిలిచిందా అన్నది పత్రం చెప్పాలి. 18 ఉంటే పొలంలో బ్లాకులు వేసి కూడా లెక్కలో వాటిని వదిలేశారు.

మళ్ళను ఎంత జాగ్రత్తగా వేసినా ఒక విషయం వాటి చేతిలో లేదు. ఒక ఖరీఫ్‌లోని 24 మళ్ళపైనా కురిసింది ఒకే వాన. ఆ ఏడు రెప్లికేషన్లు నాలుగున్నా నలభై ఉన్నా అవి చూసింది ఒక్క సీజన్‌నే. జిప్సం విషయంలో ఇది మరీ ముఖ్యం. వేరుశనగ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని నేలలోంచి నేరుగా తీసుకుంటుంది. ఊడలు దిగి కాయ ఊరే రోజుల్లో పైపొర మట్టిలో తేమ లేకపోతే జిప్సం కరగక, కాల్షియం కాయకు అందదు.

మొదటి ఏడు వానలు సమయానికి పడ్డాయి. జిప్సం లేని మళ్ళు 1,350, మంచి పద్ధతి మళ్ళు 1,700 కిలోలిచ్చాయి. తేడా 350, సీడీని దాటింది. రెండో ఏడు కాయ ఊరే దశలో బెట్ట తగిలి, 700కి 720 వచ్చింది. పత్రం రెండేళ్ళను కలిపి 1,025కి 1,210, అంటే 18 శాతం పెరుగుదల అని సారాంశంలో రాస్తుంది. ఈ 185 కిలోల లాభం ఏ ఏడూ ఏ మడిలోనూ రాలేదు. ఒక ఏడు అంతకు దాదాపు రెట్టింపు, మరో ఏడు దాదాపు సున్నా.

కాబట్టి సగటు కన్నా ముందు ఏడాదివారీ అంకెలు చూడాలి. పద్ధతికీ సంవత్సరానికీ మధ్య పరస్పర ప్రభావాన్ని పరీక్షించారా, రెండేళ్ళ దోషాలు కలపదగినంత దగ్గరగా ఉన్నాయా అన్నది పత్రంలో ఉండాలి. పరస్పర ప్రభావం పెద్దదైతే మళ్ళ మధ్య ఊగిసలాటతో కొలిచి రాబోయే ఏళ్ళకూ వర్తించే సలహా ఇవ్వడం తప్పు. పద్ధతి ఏటేటా ఎంత ఊగుతుందో అదే కొలబద్ద కావాలి. రెండేళ్ళతో ఆ కొలబద్ద చాలా బలహీనం. రెండో ఏడు అవే మళ్ళను వాడితే నిరుటి జిప్సం మిగులు కూడా ఫలితంలో కలుస్తుంది.

వానను మొత్తం మిల్లీమీటర్లలో ఇస్తే చాలదు. ఒకే మొత్తం వాన పడిన రెండు ఖరీఫ్‌లలో ఒకదానికి పూత దశలో మూడు వారాల బెట్ట ఉండవచ్చు, మరోదానికి లేకపోవచ్చు. విత్తిన తేదీ, పూత, ఊడలు దిగిన తేదీల పక్కన వారంవారీ వాన ఇచ్చిన పత్రాన్ని మాత్రమే మరో ఊరి రైతు తన వానతో పోల్చి, జిప్సం ఖర్చు పెట్టాలో వద్దో నిర్ణయించుకోగలడు.