ఆరంగుళాల పైపు అసలు కొలత: ఫ్లాంజి అతుకులో నామ పరిమాణం, షెడ్యూలుల పఠనం

ఉపోద్ఘాతం

కుందూ నది పరీవాహకంలోని కోయిలకుంట్ల ప్రాంతంలో బోరుబావుల నీటికీ, కొలిమిగుండ్ల వైపున్న సిమెంటు కర్మాగారాల గాలి, నీటి మార్గాలకూ పైపులు వాడతారు. ఇక్కడి దుకాణంలో "ఆరంగుళాల పైపు" అని అడిగితే మూడు వేర్వేరు వస్తువులలో ఏదైనా చేతికి రావచ్చు. మొదటిది 160 మి.మీ. పి.వి.సి. పైపు. రెండవది ఐ.ఎస్. 1239 ప్రమాణం ప్రకారం తయారైన 150 ఎన్.బి. ఉక్కు పైపు. మూడవది అమెరికన్ ప్రమాణం బి36.10 ప్రకారం తయారైన ఎన్.పి.ఎస్. 6 ఉక్కు పైపు. ఈ మూడింటిలో దేని వెలుపలి వ్యాసమూ ఆరు అంగుళాలు, అనగా 152.4 మి.మీ., కాదు. నీరు పారించడం వరకు ఈ తేడా పెద్దగా బాధించదు. పైపు కొసకు ఫ్లాంజి అతకవలసి వచ్చినప్పుడే అది బయటపడుతుంది. (తెలుగులో 'వ్యాసం' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఇక్కడ ఆ మాట వచ్చిన ప్రతిచోటా వృత్తపు అడ్డుకొలతనే గ్రహించాలి.)

పేరు ఎందుకు కొలత కాలేదు?

తొలినాటి ఇనుప పైపులకు లోపలి వ్యాసాన్ని బట్టి పేరు పెట్టారు. ఆనాటి గోడ మందంతో ఆరంగుళాల పైపు లోపలి వ్యాసం ఇంచుమించు ఆరంగుళాలే ఉండేది. తరువాత అధిక పీడనానికి మందపు గోడలు కావలసి వచ్చాయి. అప్పటికే మరలు కోసే పనిముట్లు, అతుకు సామాగ్రి అన్నీ వెలుపలి వ్యాసానికి స్థిరపడి ఉన్నాయి. అందువల్ల వెలుపలి వ్యాసాన్ని కదిలించకుండా గోడను లోపలికి పెంచారు. దీనితో పేరు అలాగే మిగిలి, పేరు సూచించిన లోపలి కొలత మాత్రం మారిపోయింది. ఎన్.పి.ఎస్. 12 వరకు వెలుపలి వ్యాసం పేరుకంటే ఎక్కువగా ఉంటుంది. ఎన్.పి.ఎస్. 14 నుండి పేరూ, వెలుపలి వ్యాసమూ ఒకటే. పధ్నాలుగు అంగుళాల పైపు వెలుపలి వ్యాసం సరిగ్గా 355.6 మి.మీ.

షెడ్యూలు అనేది గోడ మందాన్ని తెలిపే సంఖ్య. అయితే అది మిల్లీమీటర్లు కాదు. లోపలి పీడనానికీ, లోహం భరించగల ఒత్తిడికీ ఉన్న నిష్పత్తిని వేయితో గుణించగా వచ్చే ఉజ్జాయింపు నుండి అది పుట్టింది. అందువల్ల ఒకే షెడ్యూలు 40 వేర్వేరు పరిమాణాలలో వేర్వేరు మందాలను సూచిస్తుంది. పట్టిక చూడకుండా షెడ్యూలు నుండి మందాన్ని ఊహించడం సాధ్యం కాదు. ఎన్.పి.ఎస్. 6 విషయంలో పట్టిక చెప్పేది ఇది: వెలుపలి వ్యాసం ఏ షెడ్యూలుకైనా 168.3 మి.మీ.; షెడ్యూలు 40 మందం 7.11 మి.మీ., షెడ్యూలు 80 మందం 10.97 మి.మీ. లోపలి వ్యాసాన్ని గోడను రెండుసార్లు తీసివేసి పొందాలి. రెండుసార్లు అన్నది మరచి ఒక్కసారే తీసివేయడం తరచుగా కనిపించే పొరపాటు.

```
ID = OD - 2t
168.3 - 2 × 7.11  = 154.1
168.3 - 2 × 10.97 = 146.4
```

165.1, 168.3 మధ్య చిక్కు

ఐ.ఎస్. 1239 బ్రిటిష్ సంప్రదాయాన్ని అనుసరించినది. అందులో 150 ఎన్.బి. పైపు వెలుపలి వ్యాసం 165.1 మి.మీ. దుకాణాలలో 'బి క్లాసు' అనే మధ్యమ తరగతికి నీలి పట్టీ, 'సి క్లాసు' అనే భారీ తరగతికి ఎర్ర పట్టీ ఉంటాయి. భారీ తరగతి గోడ మందం 5.4 మి.మీ. ఈ తరగతులు షెడ్యూళ్లు కావు. 'సి క్లాసు అంటే షెడ్యూలు 40' అనే మాట వర్తకంలో వినిపిస్తుంది. ఆరంగుళాల విషయంలో అది వెలుపలి వ్యాసంలోనూ, మందంలోనూ తప్పే.

తేడా 3.2 మి.మీ. మాత్రమే కనుక కంటికి ఆనదు. తుప్పు, రంగు పట్టిన పైపుపై చిన్న కాలిపర్సు కూడా నమ్మదగినది కాదు. పైపు కొద్దిగా కోలగా ఉండవచ్చు. దీనికి చుట్టుకొలత టేపు మేలైన సాధనం. 168.3 వ్యాసానికి చుట్టుకొలత 528.7 మి.మీ., 165.1కి 518.7 మి.మీ. వ్యాసంలోని మూడు మిల్లీమీటర్లు టేపుపై పది మిల్లీమీటర్లుగా విస్తరిస్తాయి. కోలతనం ప్రభావం కూడా దాదాపు తొలగిపోతుంది. 160 మి.మీ. పి.వి.సి. పైపైతే టేపు సుమారు 503 చూపుతుంది.

ఇప్పుడు అతుకు సంగతి. పంపు నుండి వచ్చే ఉక్కు మార్గానికి స్లిప్-ఆన్ ఫ్లాంజి అతకాలనుకుందాం. ఈ రకం ఫ్లాంజిలో పైపు రంధ్రంలోకి దూరుతుంది, కాబట్టి దానికి వెలుపలి వ్యాసమే ముఖ్యం. బి16.5 ప్రమాణపు ఎన్.పి.ఎస్. 6 స్లిప్-ఆన్ ఫ్లాంజి రంధ్రం 170.7 మి.మీ. 168.3 పైపు దూర్చితే చుట్టూ 1.2 మి.మీ. సందు మిగులుతుంది, ఇది ఉద్దేశించిన సందే. అందులోకి 165.1 పైపు పెడితే సందు చుట్టూ 2.8 మి.మీ. అవుతుంది. పైపు ఒకవైపు ఒరిగితే అవతలివైపు 5.6 మి.మీ.

దీనివల్ల నష్టం ఎంతో లెక్కించవచ్చు. 5.4 మి.మీ. గోడకు వెలుపలి మూల వెల్డు పాదం గోడకు 1.4 రెట్లు, అనగా సుమారు 7.6 మి.మీ. వేశారనుకుందాం. పైపు ఉపరితలం నుండి కొలిచే ఆ 7.6లో 2.8 సందు మీదుగా పోతుంది; ఫ్లాంజి ముఖంపై నిజంగా అంటుకునేది 4.8 మి.మీ. మాత్రమే. పైపు ఒరిగిన పక్షంలో అవతలివైపు మిగిలేది 2 మి.మీ. వెల్డు పైనుండి నిండుగా, చూడముచ్చటగానే కనిపిస్తుంది. పీడన పరీక్షలో నిలిచి, పంపు అదురుకు కొంతకాలానికి వెల్డు మొదట్లో చీలే అతుకులకు ఇది ఒక కారణం కాగలదు.

దీనికి విపర్యయం కూడా ఉంది. 165.1 పైపు కోసం కోసిన ఫ్లాంజి వస్తే 168.3 పైపు దూరదు. అప్పుడు పైపు కొసను గ్రైండరుతో అరగదీసి దూర్చుతారు. గోడ మందం తగ్గేది సరిగ్గా వెల్డు పడే చోటే. బోల్టు రంధ్రాలు కుదిరాయన్నది ఇక్కడ సాక్ష్యం కాదు. అమెరికన్ క్లాసు 150లోనూ, పి.ఎన్. 16లోనూ ఈ పరిమాణానికి ఎనిమిదేసి బోల్టులే. బోల్టు వృత్తాల తేడా 1.3 మి.మీ. మాత్రమే. ఫ్లాంజి రంధ్రాన్ని విడిగా కొలవవలసిందే.

షెడ్యూలు ఎప్పుడు కావాలి?

స్లిప్-ఆన్ ఫ్లాంజిని షెడ్యూలు చెప్పకుండానే కొనవచ్చు. షెడ్యూలు వెల్డు పాదాన్ని మాత్రమే నిర్ణయిస్తుంది. వెల్డ్-నెక్ ఫ్లాంజి అలా కాదు. దాని మెడ పైపు కొసకు ఎదురెదురుగా అతుకుతుంది కనుక వెలుపలి వ్యాసంతోపాటు లోపలి వ్యాసమూ కలవాలి. షెడ్యూలు 80కి తొలిచిన ఫ్లాంజికి షెడ్యూలు 40 పైపు అతికితే లోపల చుట్టూ 3.86 మి.మీ. మెట్టు ఏర్పడుతుంది. ఈ సందర్భంలో ఫ్లాంజి లోపలి అంచును వాలుగా తొలిచి సరిచేయవచ్చు. పైపు మందంగా ఉండి ఫ్లాంజి మెడ పలుచగా వస్తే మాత్రం తొలవడం పనికిరాదు, లోహం తక్కువైనది ఫ్లాంజిలోనే కదా. ఫ్లాంజిని మార్చడమే సరైనది.

కొలిచిన మందం నుండి షెడ్యూలును వెనక్కి పోల్చుకోవడంలో ఒక పరిమితి ఉంది. అతుకులేని పైపుకు గోడ మందంలో 12.5 శాతం వరకు తరుగును ప్రమాణాలు అనుమతిస్తాయి. 7.11 మి.మీ. గోడ ఒకచోట 6.22 చూపినా అది షెడ్యూలు 40 పైపే. మరోవైపు 168.3 వ్యాసంతో 6.4 మి.మీ. గోడ ఉన్న పైపులు కూడా తయారవుతున్నాయి. కాబట్టి ఒక్కచోట 6.4 కనబడితే అది రెండింటిలో ఏదైనా కావచ్చు. కోసిన కొసపై చుట్టూ కనీసం నాలుగు చోట్ల, అతుకు గీతకు దూరంగా, కొలవాలి. మందం 6.3 నుండి 7.6 దాకా మారుతూ ఉంటే అది షెడ్యూలు 40 అయ్యే అవకాశం ఎక్కువ, అంతటా 6.4 దగ్గరే నిలిస్తే అనుమానించాలి. అటువంటప్పుడు పైపుపై ముద్రించిన అక్షరాలు, తయారీదారు పరీక్షాపత్రం తప్ప మరో ఆధారం లేదు. అందుకే పైపును ముక్కలుగా కోసేటప్పుడు ముద్ర ఉన్న ముక్కను చివరి వరకు ఉంచి, మిగిలిన ముక్కలపై ఆ సంఖ్యను సుద్దతో కాక రంగుతో తిరిగి రాయాలి.