జోస్యం రాసిపెట్టుకుని టీకి వెళ్లండి

సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కింద బడ్డీ దగ్గరికి అందరూ టీకి దిగుతారు. అతనొక్కడే పైన కూర్చుంటాడు. అడిగితే పని ఉందంటాడు. అసలు సంగతి, నలుగురిలో కప్పు పట్టుకుంటే అతని చేయి వణుకుతుంది. ఆ వణుకు చూస్తే తనకి మందు అలవాటుందని అనుకుంటారని అతని భయం. ఇరవై ఆరేళ్ల ఈ కుర్రాణ్ని శీను అందాం. ఇతను ఒక మనిషి కాదు. ఇలాంటి ఇబ్బందితో కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో తరచూ కనిపించే విషయాలు కలిపి అల్లిన పాత్ర.

"ఏమీ కాదులే, వెళ్లరా" అని చెప్పేవాళ్లు శీనుకి కరువు లేదు. అతను అసలు వెళ్లలేదనీ కాదు. రెండేళ్లలో తప్పనిసరై ఓ ముప్పై నలభై సార్లు వెళ్లి ఉంటాడు. ఒక్కసారి కూడా ఎవరూ ఏమీ అనలేదు. అయినా భయం ఇసుమంత తగ్గలేదు. నలుగురిలో భయపడే జబ్బులో, అంటే సోషల్ యాంగ్జైటీలో, అసలు చిక్కుముడి ఇదే. అన్నిసార్లు తప్పని తేలిన భయం ఎందుకు పోదు?

దీనికి బ్రిటిష్ సైకాలజిస్టు పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో ఒక జవాబు చెప్పారు. భయపడే మనిషి ఆపద రాకుండా ఏవో జాగ్రత్తలు పడుతుంటాడు. ఆపద రానప్పుడు ఆ ఘనత జాగ్రత్తల ఖాతాలో పడుతుంది. మన లారీల ముందు వేలాడే నిమ్మకాయా మిరపకాయల సంగతి ఇలాంటిదే. బండి క్షేమంగా ఊరు చేరితే నిమ్మకాయ పనిచేసినట్టు. నిమ్మకాయ లేకుండా వెళ్లి చూసే దాకా ఆ నమ్మకానికి ఢోకా లేదు. ఈ జాగ్రత్తల్ని వైద్యులు సేఫ్టీ బిహేవియర్లు అంటారు. 1995లో డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ సోషల్ యాంగ్జైటీ ఎలా నిలబడుతుందో వివరించినప్పుడు వీటికి పెద్ద పీట వేశారు. అదే ఏడాది వెల్స్ బృందం 8 మందితో ఒక చిన్న అధ్యయనం చేసింది. భయపెట్టే చోటికి ఊరికే వెళ్లి నిలబడినప్పటికంటే, జాగ్రత్తలు మానేసి నిలబడినప్పుడు భయమూ దాని వెనకున్న నమ్మకమూ ఎక్కువగా తగ్గాయని అందులో తేలింది.

అందుకే ఈ చికిత్సలో "ధైర్యంగా ఉండు" అనరు. చేతికి ఒక కాగితం ఇస్తారు. బిహేవియరల్ ఎక్స్‌పెరిమెంట్ వర్క్‌షీట్ అని దాని పేరు. పేరు బరువుగా ఉన్నా అందులో ఉండేది నాలుగైదు గడులే. వెళ్లే ముందు కొన్ని నింపాలి, వచ్చాక కొన్ని నింపాలి. ముందు రాయాల్సింది మనసు చెప్పే జోస్యం.

శీను మొదట రాసింది ఇది: "టీకి వెళ్తే చాలా ఇబ్బందిగా ఉంటుంది." కౌన్సెలర్ దాన్ని కొట్టేశారు. వారఫలాల్లో "స్వల్ప చికాకులు తప్పవు" అని రాస్తారు చూడండి, అలాంటి జోస్యం ఎప్పటికీ తప్పదు. ఇబ్బందిగా అనిపించడం ఖాయం, దాన్ని పరీక్షించి తేల్చేదేమీ లేదు. రెండోసారి "నేను తాగుబోతుననుకుంటారు" అని రాశాడు. ఇది కొంచెం నయం. కానీ ఎదుటివాడి బుర్రలోకి తొంగి చూసే వీలు మనకి లేదు కదా. అలా అనుకున్నారని శీనుకి ఎలా తెలుస్తుంది? కంటికి కనిపించే, చెవికి వినిపించే గుర్తు ఏది? అలా తరిచి తరిచి అడిగితే మూడోసారికి జోస్యం ఒక రూపానికొచ్చింది: "కప్పు పట్టుకున్న రెండు నిమిషాల్లో నలుగురిలో ముగ్గురు నా చేయి వైపు చూస్తారు. కనీసం ఒకడు 'ఏంట్రా ఆ వణుకు?' అంటాడు." ఇలా జరుగుతుందని ఎంత నమ్మకం? వందకి 85. ఆ అంకె కూడా పక్కనే రాశాడు.

తర్వాతి గడి జాగ్రత్తలది. అందరూ తేలిగ్గా వదిలేసేదీ, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనదీ ఇదే. శీను మొదట "ఏమీ చేయను" అన్నాడు. నిన్న టీ తాగినప్పుడు సరిగ్గా ఏం చేశావో కప్పు అందుకున్న క్షణం నుంచి చెప్పమంటే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. సగం కప్పే పోయమంటాడు. రెండు చేతులతో పట్టుకుంటాడు. మోచేతులు డొక్కలకి అదిమి పెడతాడు. అందరూ మాటల్లో ఉన్నప్పుడు గబుక్కున గుక్క వేస్తాడు. నోరు విప్పితే చూపులు తనవైపు తిరుగుతాయని మాట్లాడడు. బయటికి కనిపించనిది ఇంకొకటుంది. కళ్లు ఎక్కడున్నా ధ్యాసంతా చేతి మీదే ఉంటుంది, ఇప్పుడు వణుకుతోందా, ఎంత వణుకుతోంది అని. లోపల తెలిసే ఆ వణుకే బయట అందరికీ అంతే పెద్దగా కనిపిస్తోందని అనుకుంటాడు.

పరీక్ష రెండు రోజులు పెట్టుకున్నారు. మంగళవారం జాగ్రత్తలన్నీ మామూలుకంటే ఎక్కువగా పాటించాలి. బుధవారం ఒక్కటీ పాటించకూడదు. మొదటిరోజు ఎందుకని శీను అడిగాడు. రెండూ పక్కపక్కన పెడితేనే జాగ్రత్తలు చేసే మేలెంతో కీడెంతో తెలుస్తుంది.

మంగళవారం. పేపర్ కప్పు. శీను రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. పేపర్ కప్పుని బిగించి పడితే ఏమవుతుంది? గుండ్రటి అంచు కోడిగుడ్డులా సాగి, టీ పైకుబికి వేళ్ల మీద పడింది. కండరం ఎంత బిగపడితే చేయి అంత వణుకుతుంది. ఎవరూ వణుకు గురించి అడగలేదు గానీ ఒకతను "ఏంటి శీనూ, ఒంట్లో బాగాలేదా? మాటా పలుకూ లేదు" అన్నాడు. లోపల అనిపించిన వణుకు పదికి ఎనిమిది అని రాసుకున్నాడు.

బుధవారం నిండు కప్పు, ఒక్క చేయి, మోచేతులు వదులు. చూపు చేతి మీద కాదు, ఎదుటివాళ్ల ముఖాల మీద ఉండాలి. ఇది ధైర్యం తెచ్చుకోవడానికి చెప్పింది కాదు. వాళ్లు చేతి వైపు చూస్తున్నారో లేదో లెక్కపెట్టాలంటే వాళ్లనే చూడాలి మరి. రెండు నిమిషాల్లో అతని చేయి వైపు చూసింది ఒక్కడే, అదీ బిస్కెట్ అందిస్తూ. మిగతావాళ్లు పీఎఫ్ డబ్బులు ఎప్పుడు పడతాయన్న గొడవలో ఉన్నారు. శీను కూడా రెండు మాటలు కలిపాడు. చేయి వణికింది, అది నిజం. కానీ పదికి అయిదే. ఎవరూ ఏమీ అనలేదు.

ఫలితం గడి గంటలోపే నింపాలని నియమం. దానికి కారణం ఉంది. ఈ భయం ఉన్నవాళ్లు రాత్రి మంచమెక్కాక జరిగిందంతా మళ్లీ నెమరేస్తారు, నెమరేసిన కొద్దీ అది మారిపోతుంది. బిస్కెట్ ఇచ్చినవాడి చూపు పదింటికల్లా వెటకారపు చూపయిపోతుంది. సాయంత్రం అయిదింటికి రాసిన కాగితం ఉంటే దానితో వాదించడం కష్టం.

శీను నమ్మకం 85 నుంచి 55కి దిగింది. అంతేనా అనిపించవచ్చు. ఇక్కడే సమీక్ష మొదలవుతుంది. మిగతా 55 దేని మీద నిలబడి ఉందని కౌన్సెలర్ అడిగారు. "ఆ రోజు అదృష్టం. పీఎఫ్ గొడవ లేకపోతే చూసేవాళ్లే" అన్నాడు. ఇంకాస్త కదిపితే మరొకటి బయటపడింది. బుధవారం అతను నిలబడింది చివర, కుడిచేయి బడ్డీ స్తంభం చాటుకి వచ్చేలా. అనుకుని చేసింది కాదట. జాగ్రత్తలు అలాగే వస్తాయి. ముందు తలుపు మూస్తే పెరటి దారిన దూరతాయి. కాబట్టి ఫలితం చూసేటప్పుడు "భయపడ్డది జరిగిందా?" అని అడిగితే సరిపోదు, "జరక్కుండా నేనేమన్నా చేశానా?" అని కూడా అడగాలి. పాత జాబితాలో స్తంభం చాటు కూడా చేరింది.

మూడో పరీక్ష నడుమ నిలబడి. నాలుగోది కాస్త విడ్డూరంగా ఉంటుంది. కావాలని చేయి వణికించి, నాలుగు చుక్కలు ఒలకబోయాలి. ఎందుకంటే వణుకు కనిపించదని తేలినా, "కనబడితే మాత్రం కొంప మునుగుతుంది" అన్న నమ్మకం అడుగున అలాగే ఉంటుంది. దాన్నీ పరీక్షించాల్సిందే. శీను జోస్యం: "నవ్వుతారు, మందు మాట ఎత్తుతారు." నమ్మకం 70. జరిగింది: ఒకడు "చొక్కా జాగ్రత్త" అని ఎడంగా జరిగాడు, బడ్డీవాడు గుడ్డ ఇచ్చాడు. నమ్మకం 25.

జోస్యం నిజమైతే? ఎవడో ఒకడు నిజంగానే నవ్వవచ్చు. అప్పుడు పరీక్ష తప్పినట్టు కాదు. ఆ నవ్వు ఎంతసేపుంది, తర్వాత అతను మాట్లాడటం మానేశాడా, మర్నాడు టీకి పిలిచాడా అన్నవి రాయాలి. ఫలితం గడిలో మన అనిపింపులు కాకుండా జరిగినవే ఉండాలి.

ఈ కాగితానికి హద్దులున్నాయి. చేయి వణకడానికి థైరాయిడ్ ఎక్కువ కావడం, ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ లాంటి మందులు కూడా కారణం కావచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడూ వణుకుతుంటే ముందు డాక్టరుకి చూపించాలి. నలుగురిలోకి వెళ్లే ముందు ధైర్యానికి ఒక పెగ్గు వేసుకునే అలవాటుంటే అదీ జాగ్రత్తల జాబితాలోదే, అన్నిట్లోకీ ప్రమాదమైనది. కానీ రోజూ తాగేవాళ్లు దాన్ని ఒక్కసారిగా మానేసి ప్రయోగం చేయకూడదు. ఉన్నట్టుండి మానితే ఒంటికే ముప్పు, వైద్యుడి దగ్గరే మానాలి. దిగులు ముదిరి బతకాలని లేదనిపించేవాళ్లకి ఈ వర్క్‌షీట్ మొదటి మందు కాదు. నిజంగానే వేధించే మనుషుల మధ్య ఉన్నవాళ్లకి కూడా "జాగ్రత్తలు మానెయ్" అన్న సలహా పనికిరాదు. అక్కడ భయం జోస్యం కాదు, అనుభవం.

ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే చిన్నదే ఎంచుకోండి, పదికి మూడు నాలుగు భయం ఉండేది. కిరాణా కొట్టులో ఒక సరుకు ధర అడిగి కొనకుండా రావడం లాంటిది. జోస్యం, నమ్మకం అంకె, మానేయబోయే జాగ్రత్త, మూడూ గుమ్మం దాటకముందే రాయండి. వచ్చాక రాసిన జోస్యం చెల్లదు. రెండు మూడు వారాలు చేసినా అంకెలు కదలకపోతే, లేదా మొదలుపెట్టడమే చేతకాకపోతే, సైకాలజిస్టు దగ్గర ఈ పని చేయించుకోవాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఫోను చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.