ముందు ఖాళీ చేసేవాళ్లకే హాలు

ఒక కమ్యూనిటీ హాలుకు ఒకే ఆదివారం ఏడు దరఖాస్తులు వచ్చాయనుకుందాం. ఉచిత వైద్య శిబిరానికి ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 3 దాకా కావాలి. పిల్లల చిత్రలేఖనం పోటీకి 9 నుంచి 11, అపార్ట్‌మెంట్ సంఘం మీటింగుకు 10.30 నుంచి 11.30, ఒకరింటి సీమంతానికి 11 నుంచి 1, నాటకం రిహార్సల్‌కు 1 నుంచి 3, పుట్టినరోజు వేడుకకు 2.30 నుంచి 5, పుస్తకావిష్కరణకు 4 నుంచి 6. ఎవరూ తమ వేళ మార్చుకోలేరు. కాబట్టి కొందరికి కుదరదని చెప్పక తప్పదు. ఆ మాట వీలైనంత తక్కువమందికి చెప్పాలంటే ఎవరిని తీసేయాలి?

ముందు మొదలయ్యేవాళ్లకు ముందు ఇద్దామని చాలామందికి తోస్తుంది. అలా చేస్తే వైద్య శిబిరం 3 దాకా హాలును పట్టేసుకుంటుంది. ఆ తర్వాత పుస్తకావిష్కరణకు తప్ప ఇంకెవరికీ చోటుండదు. ఐదుగురు వెనక్కి పోవాల్సిందే. పోనీ, తక్కువసేపు వాడుకునేవాళ్లకు ఇద్దామా? గంటసేపటి సంఘం మీటింగు ముందుకొస్తుంది. అది అటు చిత్రలేఖనం పోటీకీ ఇటు సీమంతానికీ అడ్డం పడుతుంది. వైద్య శిబిరమూ పోతుంది. చివరికి మిగిలేవి మూడు కార్యక్రమాలే.

సరైన దారి ముగింపు వేళను చూడడం. దరఖాస్తులన్నిటినీ ముగిసే సమయం ప్రకారం వరసగా పేర్చి, పైనుంచి ఒక్కొక్కటే చూస్తూ రావాలి. 11కే ముగిసే చిత్రలేఖనం పోటీని ముందుగా ఒప్పుకుంటాం. సంఘం మీటింగు 10.30కే మొదలవుతుంది, అప్పటికి హాలు ఖాళీ కాదు, కాబట్టి తీసేస్తాం. సీమంతం 11కు మొదలై 1కి ముగుస్తుంది, ఉంచుతాం. వైద్య శిబిరం పోతుంది, రిహార్సల్ ఉంటుంది. 2.30 పుట్టినరోజు పోతుంది, 4 గంటల పుస్తకావిష్కరణ ఉంటుంది. నాలుగు నిలిచాయి, మూడే పోయాయి. చేతిలో గుర్తుంచుకోవలసింది ఒక్కటే: ఆఖరున ఒప్పుకున్న కార్యక్రమం ఎప్పుడు ముగుస్తుంది?

ఇంతకంటే తక్కువ తీసేసే ఉపాయం ఇంకేదైనా ఉందేమోనన్న అనుమానం న్యాయమైనదే. ఒప్పుకున్న ప్రతి కార్యక్రమం ముగియడానికి ఒక్క క్షణం ముందు హాలును ఎవరెవరు అడిగారో చూడండి. 11కు క్షణం ముందు చిత్రలేఖనం, సంఘం మీటింగు రెండూ హాలు కావాలంటున్నాయి. 1కి క్షణం ముందు సీమంతం, వైద్య శిబిరం. 3కు క్షణం ముందు రిహార్సల్, పుట్టినరోజు. ఒక్కో జంటలో ఒకరికి మించి హాలు ఇవ్వడం ఎవరి తరమూ కాదు. అంటే ఎంత తెలివైన మేనేజరైనా కనీసం ముగ్గురిని తిప్పి పంపాల్సిందే. ఇది ఈ ఏడింటికే చెల్లే మాట కాదు. మనం తీసేసిన ప్రతిదీ ఇలా ఏదో ఒక ఒప్పుకున్న కార్యక్రమం ఆఖరి క్షణాన్ని ఢీకొట్టి తీరుతుంది. ఎందుకంటే అది ఆ కార్యక్రమం ముగియకముందే మొదలవుతుంది, దానికంటే ముందు మాత్రం ముగియదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. జవాబుతో పాటు దాని రుజువు కూడా చేతికొస్తుంది.

అప్పటికప్పుడు మేలనిపించినదాన్ని తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా సాగే ఇలాంటి పద్ధతులను కంప్యూటర్ శాస్త్రంలో గ్రీడీ అల్గోరిథంలు అంటారు. జాన్ క్లైన్‌బర్గ్, ఎవా టార్డోస్ రాసిన ‘అల్గోరిథం డిజైన్’ పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం ఈ సమస్యతోనే మొదలవుతుంది. 40 దరఖాస్తులుంటే, ఏవి ఉంచాలో ఏవి తీయాలో అన్ని రకాలుగా వేసి చూడడానికి లక్ష కోట్లకు పైగా కలయికలు వస్తాయి. ఇక్కడ ఒకసారి వరస పేర్చి, ఒకసారి చదివితే సరిపోతుంది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది అంచుల దగ్గర. 11కు ఒకరు ముగిస్తే 11కే మరొకరు మొదలుపెట్టవచ్చా? పైన పెట్టవచ్చనే అనుకున్నాం. మధ్యలో ఊడ్చి కుర్చీలు సర్దడానికి అరగంట కావాలంటే, ప్రతి ముగింపు వేళకూ అరగంట కలిపి మళ్లీ లెక్క చూడాలి. అప్పుడు సీమంతానికి కూడా చోటు పోతుంది, మూడే నిలుస్తాయి. ఈ సంగతి ముందే తేల్చుకోకపోతే పద్ధతి సరైనదైనా జవాబు తప్పుతుంది.

అసలు హద్దు మరొకటుంది. ఈ లెక్కలో అందరూ సమానమే. వైద్య శిబిరం వాళ్లు పది వేలు, మిగతావాళ్లు తలా రెండు వేలు అద్దె ఇస్తారనుకోండి. ముందు ముగిసేవాళ్లను ఎంచుకుంటే వచ్చేది ఎనిమిది వేలు. శిబిరం, పుస్తకావిష్కరణ రెండే ఉంచితే పన్నెండు వేలు. అద్దె ఎక్కువ రావాలంటే ప్రతి దరఖాస్తు దగ్గరా ఉంచితే ఎంత, తీసేస్తే ఎంత అని రెండు దారులూ లెక్కగట్టి దాచుకునే డైనమిక్ ప్రోగ్రామింగ్ కావాలి. వీలైనంత ఎక్కువమందికి హాలు దక్కాలన్నదే మీ ఉద్దేశమైతే ముగింపు వేళను నమ్ముకోండి. డబ్బు లెక్కలోకి వస్తే ఈ పద్ధతి జోలికి పోకండి.