దిగిపోతున్న నేల

సుమత్రాలోని పీట్ నేల వేల ఏళ్లు నీటిలో నానినా పూర్తిగా కుళ్లని ఆకులు, వేర్ల పోగు. తోటల కోసం కాలువలు తవ్వి నీరు తీసేస్తే, గాలి తగిలి అది కుళ్లుతుంది. నేలే దిగిపోతుంది.

ఎంత దిగిందో చిల్లుల గొట్టం చెబుతుంది. దాన్ని అడుగునున్న గట్టిమట్టి దాకా దింపుతారు. గొట్టం కదలదు కాబట్టి ఏటేటా పైకి పెరిగినట్టు కనిపిస్తుంది! లోపల నీటిమట్టమూ తెలుస్తుంది.

అక్కడి అకేషియా తోటల కొలతలతో 2012లో ఒక లెక్క వెలువడింది. నీటి లోతును మీటర్లలో 5తో గుణించి, 1.5 కలిపితే ఏటా దిగే సెంటీమీటర్లు సుమారుగా వస్తాయి. నీరు 70 సెంటీమీటర్ల లోతుంటే 5. 40కి తెస్తే 3.5. తొలి ఐదేళ్లకు ఇది పనికిరాదు. అప్పుడు నేల మీటరుకు పైగానే కుంగింది.

నీటిని పైన నిలపడానికి కాలువకు మెట్లుగా అడ్డుకట్టలు కట్టాలి. ఒక్క కట్టతో సరిపెడితే దాని దగ్గర నీరు నిలుస్తుంది, ఎగువ నేల మాత్రం ఎండుతూనే ఉంటుంది.