డబ్బా మీద చుక్క తర్వాతి అంకె

మణికట్టు దగ్గర నరాలు ఆకుపచ్చగా కనిపిస్తే వామ్, నీలంగా కనిపిస్తే కూల్ అని పార్లర్లలో చెబుతుంటారు. తెల్లటి చర్మానికి ఈ పరీక్ష కొంతవరకు పనికొస్తుంది. చామనఛాయ మీద మాత్రం చాలామందికి నరాలు పచ్చగానే ఉంటాయి, ఇంకాస్త నలుపైతే అసలు కనిపించవు. నలుపు తెలుపులు వేరు, అండర్‌టోన్ వేరు. నల్లటి మేనిలోనూ పసిమి తొంగిచూసేవాళ్లుంటారు, ఎర్రటి జీర ఉండేవాళ్లూ ఉంటారు.

మనకు గుడ్డ పరీక్ష నయం. పసుపు, పౌడరు పోయేలా ముఖం కడుక్కుని, జుట్టు కనపడకుండా తెల్ల తువ్వాలు చుట్టుకోవాలి. ట్యూబులైటు ఆర్పేసి, నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పగటిపూట నిలబడాలి. గడ్డం కింద ఒకసారి మల్లెపువ్వులాంటి తెల్లగుడ్డ, ఒకసారి కోరా గుడ్డ పెట్టి చూసుకోవాలి. చూడాల్సింది కళ్ల కింద, పెదవుల చుట్టూ. తెల్లగుడ్డతో అక్కడ బూడిదరంగు తేలి, కోరాతో తేటపడితే వామ్. అందుకు తిరగబడితే కూల్. తేడా తెలియకపోతే న్యూట్రల్.

ఇక రంగు. నల్లజుట్టు, కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు, వామ్ చర్మం ఉన్న నలభై అయిదేళ్ల ఆవిడ 5.1 ముచ్చటపడి ఎంచుకుందనుకుందాం. చుక్కకు ముందు అంకె ముదురుతనం: 1 నలుపు, 10 బాగా లేత. తర్వాతి అంకె ఛాయ: చాలా కంపెనీల్లో .1 అంటే యాష్, .3 అంటే గోల్డెన్. అన్నిట్లో ఒకేలా ఉండదు కాబట్టి షేడ్ కార్డు చూసుకోవాలి. నల్లజుట్టు రంగు తేలికపడేటప్పుడు లోపలి ఎరుపు బయటికొస్తుంది, యాష్ దాన్ని అణిచి మామూలు గోధుమరంగుగా చూపిస్తుంది. తెల్లవెంట్రుకలో అణచడానికి ఎరుపు లేదు. అందుకే యాష్ అక్కడ మసకగా, బూడిదగా మిగులుతుంది, అదీ సరిగ్గా ముఖం పక్కనే. ఆవిడకు 4, 4.3 సగం సగం కలపడం మేలు. 4 నెరుపును బాగా కప్పుతుంది, 4.3 కాస్త బంగారపు వెచ్చదనం ఇస్తుంది.

ఇదే ఆవిడ చర్మం కూల్ అయితే రాగిరంగు జోలికి పోకుండా ముదురు బర్గండీ చూడొచ్చు. న్యూట్రల్ వాళ్లకు ఉత్త 4, 5 నంబర్లే హాయి. కాస్త అటూ ఇటూ జరిగినా చెల్లుతుంది.

గోరింటాకు పెట్టుకునేవాళ్ల లెక్క వేరు. నెరిసిన జుట్టు అప్పటికే నారింజరంగులో ఉంటుంది, వామ్ చర్మమే కదా అని దానిమీద గోల్డెన్ వేస్తే మంటలా తేలుతుంది. వాళ్లకు ఉత్త 4 చాలు. గోరింటాకు పొడి ప్యాకెట్లో లోహ లవణాలేమైనా కలిసుంటే డెవలపర్ తగలగానే జుట్టు వేడెక్కి పాడవ్వచ్చు. అందుకే ముందు రాలిన నాలుగు వెంట్రుకల మీద వేసి చూడాలి. చర్మానికి పడుతుందో లేదో తెలియడానికి చెవి వెనక కాస్త రాసి 48 గంటలు ఆగాలి.