నా గురించా... ఎక్కడ మొదలుపెట్టను?

ఇంటర్వ్యూ గదిలో ఒక అకౌంటెంట్ కూర్చున్నారనుకుందాం. 11 ఏళ్ల అనుభవం ఉంది. భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో లెక్కల విభాగం చూస్తున్నారు. హైదరాబాద్‌లో రెండు ఫ్యాక్టరీలున్న ఓ ఆహార కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్ పోస్టుకు వచ్చారు. ‘టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే సొంతూరితో అందుకున్నారు. నాన్నగారి వ్యవసాయం, పదో తరగతి మార్కులు, బీకాం, విజయవాడ ఆడిట్ ఆఫీసులో తొలి కొలువు... రెండు నిమిషాలు గడిచేసరికి కథ ఇంకా ఆ ఆడిట్ ఆఫీసు గడప దాటలేదు. ఎదుటాయన రెజ్యుమె తిరగేస్తూ, “సరేగానీ, ఇప్పుడేం చేస్తున్నారు?” అన్నారు.

ఆ ప్రశ్న వచ్చిందంటే జవాబు గురి తప్పినట్టే. కొత్తగా డిగ్రీ పూర్తిచేసినవాళ్లకు చదువుతో మొదలుపెట్టక తప్పదు, చెప్పుకోవడానికి వేరే ఏముంటుంది? అనుభవజ్ఞుల సరుకంతా ఈమధ్య ఏళ్లలో ఉంటుంది. పుట్టుక నుంచి వరసగా చెప్పుకొస్తే అది చివరికి పడుతుంది. అప్పటికి వినేవాళ్ల ఓపిక అయిపోతుంది.

అందుకే ఈ కథను ఇవాళ్టి నుంచి మొదలుపెట్టాలి. మొదటి 20 సెకన్లు ఇప్పటి పని. తర్వాత 75 సెకన్లు ఇక్కడికి ఎలా వచ్చారో చెప్పే రెండు మలుపులు. మిగిలిన 25 సెకన్లు ఈ ఉద్యోగమే ఎందుకన్న మాట. ఆ రెండు మలుపులు ఏవన్నది ఉద్యోగ ప్రకటనే చెబుతుంది. మన అకౌంటెంట్ చూసిన ప్రకటనలో ‘నెలవారీ లెక్కల ముగింపు’, ‘స్టాకు నియంత్రణ’ అని ఉంది. కాబట్టి బ్యాంకు లోన్ల పని ఆయన ఎంత బాగా చేసినా ఇక్కడ పక్కన పెట్టాల్సిందే.

ఇప్పుడు అదే మనిషి ఇలా చెబితే?

“ప్రస్తుతం ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో నలుగురి బృందంతో అకౌంట్స్ చూస్తున్నానండీ. కొనుగోళ్లు, స్టాకు, నెల ముగింపు నా బాధ్యత. మొదట్లో విజయవాడలో ఆడిట్ ఆఫీసులో చేశాను. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు చిన్న వ్యాపారుల పుస్తకాలను కొత్త పద్ధతిలోకి మార్చే పని నాకిచ్చారు. బిల్లు ఎక్కడ పుడుతుందో చూడకుండా లెక్క సరిచేయలేమని అక్కడ తెలిసింది. ఈ కంపెనీకి వచ్చాక నెల లెక్కలు తేలడానికి 12 రోజులు పట్టేది. కారణం వెతికితే, చెరువుల దగ్గరి కాటా చీటీలు వారానికోసారి కట్టగా ఆఫీసుకు వస్తున్నాయి. వాటిని ఏ రోజువి ఆ రోజే ఎక్కించేలా మార్చాను. రెండు నెలలు ఏజెంట్లు సణిగారు. ఆ తర్వాత ముగింపు 5 రోజులకు వచ్చింది. మీకు రెండు ఫ్యాక్టరీలున్నాయి, స్టాకు రెండు చోట్లా సరిపోలాలి. ఈ పనిని ఇంకాస్త పెద్ద స్థాయిలో చేయాలని వచ్చాను.”

ఇందులో బరువంతా కాటా చీటీ మీదుంది. ‘ప్రాసెస్ మెరుగుపరిచాను’ అని ఎవరైనా అంటారు. చీటీలు ఎందుకు ఆలస్యమయ్యాయో తెలిసినవాడే ఈ మాట అనగలడు. ఏజెంట్ల సణుగుడు దాచకపోవడం వల్ల 12 నుంచి 5 అన్న అంకె నమ్మేలా ఉంది. ‘మేము చేశాం’ అనకుండా ‘మార్చాను’ అన్నారు, బృందంలో తన పాలు ఏదో తేలింది. అయితే అంకె చెప్పేముందు దాని వెనక లెక్క చేతిలో ఉండాలి. “ఆ 5 రోజులు ఎప్పటి నుంచి లెక్కేస్తున్నారు?” అని తప్పక అడుగుతారు. పాత కంపెనీ ధరలు, కొనుగోలుదారుల పేర్లు మాత్రం బయట పెట్టకూడదు. పాత బాసు మీద ఫిర్యాదులకూ ఇది చోటు కాదు.

పైన చెప్పిన జవాబును నింపాదిగా, ఆగి ఆగి చెబితే రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. మిగిలిన కాస్త సమయాన్ని ఇంకో విషయంతో నింపకండి. ఫోన్లో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ సాగదీస్తున్నారో తెలుస్తుంది. వాక్యాలు బట్టీపడితే, మధ్యలో ఎవరైనా అడ్డొచ్చినప్పుడు మళ్లీ మొదటికి వెళ్లాల్సి వస్తుంది. ‘నలుగురి బృందం, జీఎస్టీ, కాటా చీటీలు, రెండు ఫ్యాక్టరీలు’ అని నాలుగు గుర్తులు చాలు. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో జరిగినా అవే పనికొస్తాయి. ఎదుటివారు “చదువు నుంచి చెప్పండి” అని అడిగితే మాత్రం వాళ్లడిగిన వరసలోనే వెళ్లాలి, చదువును రెండు వాక్యాల్లో దాటేస్తే సరి.

జవాబు పండిందో లేదో తర్వాతి ప్రశ్నే చెబుతుంది. “ఏజెంట్లను ఎలా ఒప్పించారు?” అని అడిగారంటే, ఇంటర్వ్యూ ఆయనకు బాగా తెలిసిన చెరువు గట్టు మీదికి వచ్చేసినట్టే.