ఆగిన సొమ్ముకు లెక్క అడగడం ఎలా?

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే చిన్న వ్యాపారులు డబ్బు ఆగినప్పుడు చాలాసార్లు ఒక్క ముక్కే రాస్తారు: "నా పేమెంట్ రాలేదు, దయచేసి చూడండి." జవాబూ అంతే పొడిగా వస్తుంది: "మీ ఖాతా పరిశీలనలో ఉంది." ఆ తర్వాత టికెట్ మూసేస్తారు. ఇందులో సగం తప్పు ఫిర్యాదుదే. ఎంత రావాలో, ఏ ఆర్డర్లకు రావాలో చెప్పని ఫిర్యాదుకు అవతలివాళ్లు చెప్పడానికీ ఏమీ ఉండదు.

మంగళగిరి నూలు చీరలు అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. చీర ధర జీఎస్టీతో కలిపి రూ.1,050. అందులో 5 శాతం పన్ను తీస్తే అసలు విలువ రూ.1,000. కమీషన్, రవాణా, ఇతర రుసుములు కలిపి రూ.200 పోతాయనుకుందాం. ఆ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ రూ.36. వేదిక మన పేరున ముందే వసూలు చేసే జీఎస్టీ టీసీఎస్ 0.5 శాతం, అంటే రూ.5. ఆదాయపు పన్ను టీడీఎస్ 0.1 శాతం, ఒక రూపాయి. చేతికి రావలసింది రూ.808.

ఒక నెలలో 50 చీరలు పంపితే నాలుగు తిరిగొచ్చాయి. ఒక్కో వాపసుకు రూ.118 ఖర్చు పడింది. 46 చీరలకు రూ.37,168, అందులో వాపసు ఖర్చు రూ.472 తీస్తే రూ.36,696 రావాలి. బ్యాంకులో పడింది రూ.11,648. తేడా రూ.25,048. దాన్ని 808తో భాగించి చూడండి, సరిగ్గా 31 వస్తుంది. అంటే ఎక్కడో కొంచెం కొంచెం కోత పడలేదు, 31 ఆర్డర్ల సొమ్ము మొత్తంగా ఆగింది. తేడా ఇలా భాగం తెగకపోతే అనుమానించాల్సింది రుసుముల్నీ, ప్రకటనల ఖర్చునూ, పాత బాకీనీ.

అయితే వెంటనే కోపం తెచ్చుకోకూడదు. కొనుగోలుదారు వాపసు గడువు ముగిసేదాకా సొమ్ము ఆపడం మామూలే. ఆ 31 ఆర్డర్ల డెలివరీ తేదీలు వరసగా రాసుకుంటే, గడువు దాటినవెన్నో దాటనివెన్నో తేలిపోతుంది. బ్యాంకు ఖాతా పేరు, పాన్ పేరు కలవకపోయినా, జీఎస్టీ నమోదు సస్పెన్షన్‌లో పడినా చెల్లింపు ఆగవచ్చు. వీటిని మనమే ముందు చూసుకోవాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక ఒక బలమైన ఆధారం మిగులుతుంది. నెల అమ్మకాల మీద వేదిక వసూలు చేసిన టీసీఎస్ వివరాలను తర్వాతి నెల 10వ తేదీలోగా జీఎస్‌టీఆర్-8లో ప్రభుత్వానికి సమర్పించాలి. జీఎస్టీ పోర్టల్‌లో టీడీఎస్, టీసీఎస్ క్రెడిట్ పేజీ తెరిస్తే అది మనకూ కనిపిస్తుంది. అక్కడ మన పేరున నికర అమ్మకం రూ.46,000 అని ఉంటే, వాపసులు పోగా 46 చీరలు అమ్ముడయ్యాయని వేదిక తన చేత్తోనే ప్రభుత్వానికి రాసిచ్చినట్టు. 15 చీరలకే సొమ్మిచ్చి 46 చీరల మీద పన్ను కట్టినప్పుడు మిగతా 31 మాటేమిటని అడగడంలో తప్పేముంది?

ఇప్పుడు ఫిర్యాదు ఇలా రాయవచ్చు: "ఈ సెటిల్‌మెంట్ నంబర్ల కింద 50 ఆర్డర్లు పంపాం, 4 తిరిగి వచ్చాయి. రావలసింది రూ.36,696. ఈ యూటీఆర్ నంబర్లతో అందింది రూ.11,648. పట్టికలో చూపిన 31 ఆర్డర్లకు రూ.25,048 రాలేదు. అన్నీ డెలివరీ అయ్యాయి, వాపసు గడువూ ముగిసింది. ఒప్పందంలోని ఏ నిబంధన కింద ఆపారు? మా నుంచి ఏ పత్రం కావాలి? ఏ తేదీన విడుదల చేస్తారు?" పట్టికలో ఆర్డర్ నంబరు, డెలివరీ తేదీ, రావలసిన మొత్తం చాలు. టీసీఎస్ పేజీ కాపీ జతచేయండి. ఆర్డరుకో టికెట్ పెట్టకండి, 31 మంది 31 రకాలుగా జవాబిస్తారు. మూసేస్తే అదే టికెట్‌ను తిరిగి తెరిపించండి.

అప్పటికీ కదలకపోతే ఫిర్యాదుల అధికారికి, ఆ తర్వాత లాయరు నోటీసు. వినియోగదారుల ఫోరానికి పరుగెత్తే ముందు ఒకటి తెలుసుకోవాలి: లాభం కోసం వ్యాపారం చేసే అమ్మకందారును ఆ చట్టం సాధారణంగా వినియోగదారుగా చూడదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల ఆలస్య చెల్లింపుల చట్టం సరుకు కొన్నవారి మీద పనిచేస్తుంది. వేదిక మన సరుకు కొనదు, అందుకే ఆ దారీ ఇరుకే. మిగిలేది ఒప్పందం. అందులో మధ్యవర్తిత్వం ఎక్కడ జరగాలో రాసి ఉంటుంది, ఆ ఊరు మనది కాకపోవచ్చు. రూ.25 వేల కోసం అంత దూరం వెళ్లడం గిట్టుబాటు కాదని ఇరుపక్షాలకూ తెలుసు. అందుకే మొదటి ఫిర్యాదే గట్టిగా ఉండాలి.

సెటిల్‌మెంట్ రిపోర్టులను ప్రతిసారీ అదే రోజు దించి సొంత కంప్యూటర్లో దాచుకోండి. ఖాతా సస్పెండైతే ఆ పేజీలు తెరుచుకోకపోవచ్చు.